రేటు మారిన రోజు ఐదొందలకు ఎంత పెట్రోలు రావాలి: లెక్క వేసి, బంకులో సరిచూసుకునే పద్ధతి

2024 మార్చి 15, శుక్రవారం. ముందు రోజు రాత్రి టీవీలో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రెండు రూపాయలు తగ్గుతోందని వార్త వచ్చింది. తెల్లారి ఏడింటికి హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి బంకుకు వెళ్లాను. రోడ్డు వైపు ఉన్న బోర్డు మీద ఇంకా 109.66 అనే ఉంది. మెషీన్ మీద మాత్రం 107.41 కనిపిస్తోంది. నా ముందున్న స్కూటర్ ఆయన బోర్డు చూపించి, "తగ్గిందన్నారు, ఎక్కడ తగ్గింది?" అని అడిగాడు. బంకు అబ్బాయి, "మెషీన్ చూడండి సార్, బోర్డు ఇంకా మార్చలేదు" అన్నాడు. ఆయన ఐదొందలకి కొట్టించుకున్నాడు, మెషీన్ 4.66 లీటర్లు చూపించింది. "పోయినసారి ఎంత వచ్చింది?" అని అడిగితే ఆయనకు గుర్తులేదు. నాకూ గుర్తులేదు.

మనలో చాలామందిది ఇదే పరిస్థితి. పెట్రోలు లీటర్లలో అమ్ముతారు, మనం రూపాయల్లో కొంటాం. వంద, రెండొందలు, ఐదొందలు అని చెప్పి కొట్టించుకుంటాం. రేటు మారితే మన చేతిలోంచి వెళ్లే నోటు మారదు, ట్యాంకులో పడేది మారుతుంది. అది కంటికి కనబడదు. ఈ వ్యాసం దాన్ని కనబడేలా చేసుకోవడం గురించే. ఇందులోని లెక్కలన్నీ హైదరాబాద్ పెట్రోలు రేట్ల మీద వేసినవి. మీరు చదివేనాటికి రేటు వేరుగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

మొదటి పని: మీకు వర్తించే రేటు ఏదో తేల్చుకోవడం

2017 జూన్ 16 నుంచి దేశమంతటా పెట్రోలు రేటు రోజువారీ సవరణ కిందికి వచ్చింది. కొత్త రేటు ఉదయం ఆరు గంటలకు అమల్లోకి వస్తుంది. చాలా రోజులు మార్పేమీ ఉండకపోవచ్చు, కానీ మారిన రోజు ఆరుకు ముందు కొట్టించుకున్నవారికి పాత రేటు, తరవాత వచ్చినవారికి కొత్త రేటు పడుతుంది.

వార్తల్లో చెప్పిన అంకెను నిన్నటి రేటులోంచి తీసేసి లెక్క వేయకండి, తప్పుతుంది. ఆ మార్చి 15నే చూడండి. ఢిల్లీలో రేటు 96.72 నుంచి 94.72కి దిగింది, సరిగ్గా రెండు రూపాయలు. హైదరాబాద్‌లో 109.66 నుంచి 107.41కి దిగింది, అంటే 2.25. మనకు పావలా ఎక్కువ తగ్గడానికి కారణం వ్యాట్. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. అది శాతం లెక్కన పడే పన్ను కాబట్టి, అసలు ధర తగ్గితే దాని మీద పడే పన్ను కూడా కొంత తగ్గుతుంది. ఢిల్లీలో ఆ శాతం తక్కువ, అందుకే తగ్గింపూ తక్కువ. పెరిగేటప్పుడు ఇదే లెక్క మన మీద తిరగబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో శాతం వ్యాట్‌తో పాటు లీటరుకు ఇంత అని విడిగా వేసే మొత్తం కూడా ఉంది కాబట్టి అక్కడ రేటూ వేరు, మార్పూ వేరు. కోదాడలో చూసిన రేటుతో జగ్గయ్యపేటలో లెక్క వేస్తే కుదరదు.

అందుకని మీకు వర్తించేది మీరు నిలబడ్డ మెషీన్ మీద లీటరు రేటు అని కనబడే అంకె ఒక్కటే. దాన్ని నాజిల్ ఎత్తకముందే చూడాలి. తగ్గిందని తెలిసిన రోజు మెషీన్ మీద పాత రేటే ఉంటే, కొట్టించుకోకముందే అడగండి. కొట్టాక అడిగితే బిల్లు పాత రేటుతోనే వస్తుంది, ఇక వాదన మొదలవుతుంది. ఇంటి దగ్గరే చూసుకోవాలంటే ఇండియన్ ఆయిల్ బంకులకు ఎస్సెమ్మెస్ పద్ధతి ఉంది. `RSP` అని రాసి, ఒక ఖాళీ వదిలి, ఆ బంకు డీలర్ కోడ్ రాసి 9224992249కి పంపితే ఆ బంకు రేటు వస్తుంది.

రెండో పని: రేటును తిరగేయడం

"లీటరు 107.41" అనే మాట ఐదొందల నోటు పట్టుకున్న మనిషికి నేరుగా ఏమీ చెప్పదు. అతనికి కావలసింది రూపాయికి ఎన్ని మిల్లీలీటర్లు అన్నది. దానికి చేయాల్సింది ఒకే ఒక భాగహారం. వెయ్యిని లీటరు రేటుతో భాగించాలి.

107.41 దగ్గర వెయ్యిని భాగిస్తే 9.31 వస్తుంది. అంటే రూపాయికి 9.31 మిల్లీలీటర్లు. ఇక మీరు ఇచ్చే మొత్తంతో దాన్ని గుణిస్తే చాలు. వందకు 931 మిల్లీలీటర్లు, రెండొందలకు లీటరు 862, ఐదొందలకు నాలుగు లీటర్ల 655.

ముందు రోజు 109.66 దగ్గర ఇదే లెక్క వేస్తే రూపాయికి 9.12 మాత్రమే. ఐదొందలకు నాలుగు లీటర్ల 560. తేడా 95 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసుడు అనుకోండి. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటర్ మీద ఆ 95 మిల్లీలీటర్లతో నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వెళ్లొచ్చు.

నేను ఫోన్‌లో రేటు రాసుకోవడం మానేసి ఈ రూపాయికి ఎన్ని అన్న అంకె రాసుకుంటున్నాను. రేటు మారిన రోజు ఒక్కసారి భాగిస్తే మళ్లీ మారేదాకా అదే పనికొస్తుంది, ఎంత కొట్టించినా గుణకారం నోటితోనే అయిపోతుంది. భాగహారం కూడా వద్దనుకుంటే ఒక కొండగుర్తు ఉంది. రేటు 107 చుట్టుపక్కల ఉన్నంతకాలం, లీటరుకు ఒక రూపాయి తేడా వస్తే ఐదొందలకు సుమారు 43 మిల్లీలీటర్లు తేడా వస్తుంది. అర్ధ రూపాయి అయితే అందులో సగం. రేటు బాగా దూరం జరిగితే ఈ 43 పనికిరాదు, మళ్లీ భాగించుకోవాలి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి చెప్పాలి. "లీటరుకు రెండుంబావు తగ్గింది కాబట్టి నాకు రెండుంబావు మిగిలింది" అనుకుంటారు. కాదు. ఆ తగ్గింపు ప్రతి లీటరు మీదా వస్తుంది. పాత రేటుకు వచ్చే 4.56 లీటర్ల మీద 2.25 చొప్పున పది రూపాయల పావలా మిగులుతుంది. మనం దాన్ని వెనక్కి తీసుకోవడం లేదు, పెట్రోలుగానే పోయించుకుంటున్నాం. 107.41 చొప్పున ఆ పదింపావలాకు వచ్చేదే ఆ 95 మిల్లీలీటర్లు. రెండు దారుల్లో వేసినా లెక్క ఒకచోటికే వస్తుంది, కాబట్టి సరిచూసుకోవడానికి ఇది పనికొస్తుంది.

రెండేళ్లలో ఒకే నోటు

ఈ తేడా ఎప్పుడు పెద్దదవుతుందో తెలియాలంటే 2022 వేసవి గుర్తు తెచ్చుకోవాలి. 137 రోజులు కదలకుండా ఉన్న రేటు ఆ ఏడాది మార్చి 22న కదిలింది. హైదరాబాద్‌లో 108.20 ఉన్నది ఆ ఒక్కరోజే 90 పైసలు పెరిగి 109.10 అయింది. ఐదొందలకు తగ్గింది 38 మిల్లీలీటర్లు. ఎవరికీ పట్టలేదు. తరవాత దాదాపు రోజూ అంతంత పెరుగుతూ పోయి ఏప్రిల్ 6కి 119.49 దగ్గర ఆగింది. మే 22న కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించడంతో 109.66కి దిగింది. మళ్లీ 2024 మార్చిలో 107.41.

| ఎప్పుడు | లీటరు రేటు (రూ.) | రూపాయికి మి.లీ. | రూ. 500కు లీటర్లు |
|---|---|---|---|
| 2022 మార్చి 21 | 108.20 | 9.24 | 4.62 |
| 2022 ఏప్రిల్ 6 | 119.49 | 8.37 | 4.18 |
| 2022 మే 22 | 109.66 | 9.12 | 4.56 |
| 2024 మార్చి 15 | 107.41 | 9.31 | 4.66 |

మార్చి 21కీ ఏప్రిల్ 6కీ మధ్య ఐదొందల మీద పోయింది 437 మిల్లీలీటర్లు, అర లీటరుకు కాస్త తక్కువ. రోజుకు ముప్పై, నలభై మిల్లీలీటర్ల చొప్పున పోయింది కాబట్టి ఎవరూ "ఈరోజు తగ్గింది" అనుకోలేదు. బండి ఎందుకో మైలేజీ ఇవ్వట్లేదని మెకానిక్ దగ్గరికి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. బండిలో ఏ లోపమూ లేదు, ఐదొందలకు పది రోజులు వచ్చే పెట్రోలు తొమ్మిది రోజులకే అయిపోతుంటే మైలేజీ పడిపోయిందని అనుకున్నారు. మైలేజీని రూపాయల్లో కాకుండా లీటర్లలో కొలవాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

రోజూ ఒకే దూరం తిరిగే ఆటో, డెలివరీ బండివాళ్లకు ఇదే లెక్క తిరగేస్తే ఎక్కువ ఉపయోగం. పాత మొత్తాన్ని కొత్త రేటుతో గుణించి పాత రేటుతో భాగిస్తే, అవే లీటర్లకు ఇప్పుడు ఎంత ఇవ్వాలో వస్తుంది. 2022 మార్చి 21న ఐదొందలు ఇచ్చినవారు ఏప్రిల్ 6న అదే పెట్రోలుకు 552 ఇవ్వాలి. 2024 మార్చి 15న తగ్గాక మాత్రం, ముందు రోజు ఐదొందలకు వచ్చినదానికి 490 ఇస్తే చాలు.

మూడో పని: మెషీన్ చూపించిందాన్ని చదవడం

మీరు "ఐదొందలకి కొట్టన్నా" అనగానే బంకు అబ్బాయి మీటలు నొక్కి 500 పెడతాడు. నాజిల్ నొక్కాక లోపల పెట్రోలు ఒక కొలిచే యంత్రం గుండా పోతుంది. అది తిరిగేకొద్దీ చిన్న చిన్న విద్యుత్ సంకేతాలు పంపుతుంది. మెషీన్ వాటిని లెక్కపెట్టి లీటర్లుగా మార్చి, లీటర్లను రేటుతో గుణించి రూపాయలు చూపిస్తుంది. ఐదొందలు దగ్గర పడగానే ధార సన్నబడుతుంది. 499 దాటాక అంకెలు నింపాదిగా కదలడం మీరు చూసే ఉంటారు. అది మోసం కాదు, సరిగ్గా 500.00 దగ్గర ఆగడానికే అలా నెమ్మదిస్తుంది. ఒక్కోసారి కొన్ని పైసలు అటూ ఇటూ ఆగుతుంది. పది పైసలంటే ఒక మిల్లీలీటరు కూడా కాదు, దాని మీద గొడవ పడనక్కర్లేదు.

ఆగాక మూడు అంకెలు చూడండి: రూపాయలు, లీటర్లు, రేటు. లీటర్లను రేటుతో గుణిస్తే రూపాయలు రావాలి. ఇక్కడే ఒక చిన్న టెన్షన్ వస్తుంది. ఫోన్‌లో 4.66 ని 107.41 తో గుణిస్తే 500.53 వస్తుంది, 500 రాదు. అసలు పోసింది 4.655 లీటర్లు, మెషీన్ రెండు దశాంశాలే చూపిస్తుంది కాబట్టి 4.66 అని కనబడుతుంది. మూడో దశాంశాన్ని వదిలేసే మెషీన్ అయితే 4.65 చూపిస్తుంది, అప్పుడు గుణిస్తే 499.46 వస్తుంది. రెండూ సరైనవే. సుమారు ఒక రూపాయి వరకు తేడా ఈ కుదింపు వల్ల వచ్చేదే. అంతకు మించి తేడా ఉంటే, ఉదాహరణకు 4.56 అని చూపిస్తూ రేటు మాత్రం 107.41 అని ఉంటే, అప్పుడు అడగాలి.

మొదట్లో సున్నా చూసుకోవడం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ముందు బండికి కొట్టిన అంకెల మీదే మీకు మొదలుపెడితే పై లెక్కలన్నీ వృథా. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. అందులో రేటు, లీటర్లు, టైము ఉంటాయి. రేటు మారిన రోజు ఆ టైము చాలా ముఖ్యం.

ఎంత చిన్న తేడాను నమ్మొచ్చు?

ఇప్పటిదాకా చెప్పినదంతా మెషీన్ చూపించే అంకె గురించి. ట్యాంకులో నిజంగా పడింది అంతేనా అన్నది వేరే ప్రశ్న. బంకు మెషీన్‌కు చట్టం కొంచెం సడలింపు ఇస్తుంది. ఐదు లీటర్ల కొలతలో 25 మిల్లీలీటర్ల వరకు తేడా రావొచ్చు, అంటే అర శాతం. మన ఐదొందల పెట్రోలు మీద అది 23 మిల్లీలీటర్లు.

ఇప్పుడు దీన్ని రేటు మార్పు పక్కన పెట్టి చూడండి. 107.41 లో అర శాతం అంటే 54 పైసలు. రేటు 54 పైసల లోపు మారితే, దానివల్ల మీకు వచ్చే తేడా నిబంధనలకు లోబడి పనిచేసే రెండు మెషీన్ల మధ్య ఉండగలిగే తేడాలోనే కలిసిపోతుంది. పావలా తగ్గిందని వేరే బంకుకు రెండు కిలోమీటర్లు వెళ్లడంలో అర్థం లేదని నేను అనడానికి కారణం ఇదే. అదే 2.25 తగ్గినప్పుడు వచ్చే 95 మిల్లీలీటర్లు ఆ సడలింపుకు నాలుగు రెట్లు. దాన్ని ఏ సక్రమమైన మెషీనూ మింగేయలేదు.

సక్రమం కానిదైతే మింగేస్తుంది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ కలిసి రెండు తెలుగు రాష్ట్రాల్లో కొన్ని బంకుల మెషీన్లలో చిప్‌లు పట్టుకున్నారు. అలాంటి చిప్ లీటరుకు 30 మిల్లీలీటర్లు కొట్టేస్తోందనుకుందాం. ఐదొందలకు 140 మిల్లీలీటర్లు పోయినట్టే. మెషీన్ మీద 4.66 కనబడుతుంది, ట్యాంకులో పడేది 4.52. రేటు తగ్గక ముందు నిజాయితీగా నడిచే బంకులో వచ్చే 4.56 కంటే కూడా ఇది తక్కువ. రేటు తగ్గడం వల్ల వచ్చినదంతా, దానిమీద ఇంకొంచెం, ఆ చిప్‌కు పోయింది. మూడు అంకెలు మాత్రం చక్కగా సరిపోతూనే ఉంటాయి.

వందకు బదులు నూటపదికి కొట్టిస్తే మోసం ఉండదని చాలామంది నమ్ముతారు. పూర్ణాంకాలకే మెషీన్‌ను సర్ది పెడతారన్నది ఆ నమ్మకం వెనకున్న ఆలోచన. కానీ కొలతను లెక్కపెట్టే దగ్గరే తేడా చేస్తే అది లీటరు లీటరుకూ కోత పెడుతుంది, మీరు వందన్నా నూటపదన్నా ఒకటే. నూటపది వల్ల మీకు జరిగేదల్లా వేరే మీటలు నొక్కించడం. కొలత మీద నిజంగా అనుమానం ఉంటే దానికి చేయాల్సిన పరీక్ష వేరే ఉంది.

నాలుగో పని: అనుమానం వస్తే ఐదు లీటర్ల పరీక్ష

ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే మీ ముందే కొలిచి చూపించాలి, అది మీ హక్కు. "అన్నా, ఐదు లీటర్ల కొలత ఒకసారి చూపించండి" అని మామూలుగా అడిగితే చాలు. సూపర్‌వైజర్‌ను పిలవమనండి, రద్దీ లేని వేళ వెళ్లండి.

ఇక్కడ మాత్రం రూపాయల్లో వద్దు. సరిగ్గా ఐదు లీటర్లకే పెట్టమనండి, ఎందుకంటే పాత్ర మీద గీత ఐదు లీటర్లకే ఉంటుంది. ముందు పాత్ర మీద ముద్ర చూడండి. తరవాత పాత్రను ఒకసారి పెట్రోలుతో తడిపి, వంచి పూర్తిగా కారిపోనివ్వాలి. పొడి పాత్రలో పోస్తే గోడలకు అంటుకునే పెట్రోలు వల్ల కొంత తక్కువ కనబడుతుంది, అప్పుడు బంకువాళ్లకు అన్యాయం జరుగుతుంది. చదునైన నేల మీద పెట్టి, ఐదు లీటర్లు పోశాక నురగ తగ్గేదాకా ఆగి, మెడ దగ్గర గీతకు కళ్లు సమానంగా పెట్టి చూడాలి. పైనుంచి వంగి చూస్తే ఎక్కువో తక్కువో కనబడుతుంది.

గీతకు 25 మిల్లీలీటర్ల లోపు తక్కువుంటే మెషీన్ సక్రమంగా ఉన్నట్టే. అంతకు మించితే వెంటనే ఇంకోసారి కొలిపించండి. రెండోసారీ అలాగే వస్తే మెషీన్ నంబరు, నాజిల్ నంబరు, టైము రాసుకుని, బిల్లు తీసుకుని తూనికలు కొలతల శాఖకు గానీ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు గానీ ఫిర్యాదు చేయండి. ఫిర్యాదులో "ఐదొందలకు తక్కువ వచ్చింది" అని రాస్తే దాన్ని ఎవరూ నిరూపించలేరు. "ఫలానా తేదీ, ఫలానా నాజిల్, ఐదు లీటర్లకు ఇన్ని మిల్లీలీటర్లు తక్కువ, రెండుసార్లు కొలిచాం" అని రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు నేరుగా ఆ నాజిల్ దగ్గరికే వెళ్లి కొలుస్తారు.